ఎదుగుదల ఆగిన దీర్ఘకాలిక ఉద్యోగి: పనితీరు మదింపు సంభాషణలో గౌరవం, వాస్తవికత

వ్యాససంగ్రహం:
ఒకే పోస్టులో పది పన్నెండేళ్ళు దాటి పనిచేస్తూ, పై పోస్టుకు వెళ్ళే అవకాశం దాదాపు మూసుకుపోయిన ఉద్యోగితో పై అధికారి జరిపే వార్షిక మదింపు సంభాషణ ఈ వ్యాసానికి విషయం. ఉద్యోగి వయసుకు, సర్వీసుకు గౌరవమిస్తున్నామన్న భావనతో అధికారులు పాటించే మౌనం నిజానికి ఆ ఉద్యోగికి నష్టం కలిగిస్తుందని దేవ్‌దత్ కేసు (2008) ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది. ఆపై మహబూబాబాద్ జిల్లా గూడూరు వంటి మండల కేంద్రంలోని ఒక కార్యాలయాన్ని ఉదాహరణగా తీసుకొని, సంభాషణకు ముందు వేయవలసిన లెక్కను, సంభాషణ క్రమాన్ని, దాని తర్వాత రాతలో ఉండవలసిన అంశాలను పరిశీలిస్తుంది.

ముఖ్యపదాలు: పనితీరు మదింపు, ఉద్యోగ జీవిత స్తబ్ధత, ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీము, జ్యేష్ఠతా జాబితా, దేవ్‌దత్ తీర్పు.

1. ఉపోద్ఘాతం:

కార్యాలయాల్లో పాతకాపుల పట్ల ఒక మర్యాద ఉంది. ఇరవై ఏళ్ళకు పైబడి పనిచేసిన గుమాస్తాను కొత్తగా వచ్చిన అధికారి నిలదీయడు. ఫైలు ఆలస్యమైతే మరొకరి చేత చేయించుకుంటాడు. సంవత్సరాంతంలో నివేదిక రాయవలసి వస్తే 'బాగుంది' అని రాసి సంతకం చేస్తాడు. ఇందులో దురుద్దేశం ఉండదు. పెద్దమనిషిని నొప్పించడమెందుకన్న సంకోచమే ఉంటుంది. ఉద్యోగి కూడా ఏమీ అడగడు. అడిగితే లేనిపోని లోపాలు బయటికి వస్తాయేమోనన్న బెరుకు ఒకటి, అడిగినా ఒరిగేదేమీ లేదన్న నిరాశ ఒకటి అతణ్ణి ఆపుతాయి. ఈ రెండు మౌనాల మధ్య సంవత్సరాలు గడిచిపోతాయి.

ఈ మౌనాన్ని గౌరవంగా భావించవచ్చునా అన్నది ఇక్కడి ప్రధాన ప్రశ్న. కాదని చెప్పడానికి న్యాయస్థానంలో తేలిన ఒక స్పష్టమైన ఉదాహరణ ఉంది.

2. దేవ్‌దత్ కేసు - 'బాగుంది' అన్న మాట చేసిన హాని:

దేవ్‌దత్ సరిహద్దు రహదారుల ఇంజనీరింగ్ సర్వీసులో అధికారి. 1988 ఫిబ్రవరిలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు అయ్యాడు. ఆ హోదాలో ఐదేళ్ళు పూర్తయిన పిమ్మట, అనగా 1993లో, సూపరింటెండింగ్ ఇంజనీరు పోస్టుకు పరిశీలింపబడే అర్హత అతనికి వచ్చింది. 1994 డిసెంబరులో శాఖాపరమైన పదోన్నతుల కమిటీ సమావేశమైంది. గడచిన ఐదేళ్ళ రహస్య నివేదికల్లో 'చాలా బాగుంది' అన్న స్థాయి ఉండాలన్నది అప్పటి నియమం. 1993-94 సంవత్సరానికి అతని నివేదికలో ఉన్న మాట 'బాగుంది'. ఆ ఒక్క మాట వల్ల అతని పేరు పరిశీలనకు నోచుకోలేదు. అతని కంటె జూనియర్లు ముందుకు వెళ్ళారు.

ఆ మాట ఉన్న సంగతి దేవ్‌దత్‌కు ఎవరూ చెప్పలేదు. ప్రతికూలమైన వ్యాఖ్యలను మాత్రమే ఉద్యోగికి తెలపాలని, 'బాగుంది' అన్నది ప్రతికూలం కాదు గనుక తెలపనక్కరలేదని శాఖ వాదించింది. సుప్రీంకోర్టు ఈ వాదాన్ని 2008 మే 12న తోసిపుచ్చింది. ఒక నమోదు మంచిదా చెడ్డదా అన్నది అందులోని పదం నిర్ణయించదని, ఉద్యోగి భవిష్యత్తుపై అది చూపే ప్రభావమే నిర్ణయిస్తుందని ఆ తీర్పు సారాంశం. ప్రతి నమోదునూ సకాలంలో ఉద్యోగికి తెలియజేయాలని, దానిపై విన్నవించుకొనే అవకాశం ఇవ్వాలని న్యాయస్థానం నిర్దేశించింది. అప్పటికి దేవ్‌దత్ పదవీ విరమణ కూడా చేశాడు. 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ సూత్రాన్నే ధ్రువపరిచింది. ఈ మధ్యలో కేంద్ర ప్రభుత్వం 2009 మే 14 నాటి ఉత్తర్వు ద్వారా వార్షిక నివేదికను పూర్తిగా ఉద్యోగికి చూపాలని, అభ్యంతరం తెలపడానికి పదిహేను రోజుల గడువు ఇవ్వాలని తన ఉద్యోగుల విషయంలో ఏర్పాటు చేసింది.

ఈ కేసును పరిశోధకులు సాధారణంగా సేవాన్యాయశాస్త్ర కోణంలో చూస్తారు. మదింపు సంభాషణ కోణంలో చూసినపుడు ఇందులో మరో పాఠం కనిపిస్తుంది. ఆ అధికారి 1994లోనే దేవ్‌దత్‌ను పిలిచి, ఈ ఏడాది మీ పనిని ఈ స్థాయిలో చూశాను, కారణాలివి, దీనివల్ల రాగల పర్యవసానమిది అని చెప్పి ఉంటే ఆ ఉద్యోగికి మూడు దారులు తెరుచుకొని ఉండేవి. పనిని సరిదిద్దుకోవచ్చు, మదింపును ప్రశ్నించవచ్చు, పదోన్నతిపై ఆశ తగ్గించుకొని మరో దారి చూసుకోవచ్చు. చెప్పకపోవడం వల్ల మూడూ మూసుకుపోయాయి. కాబట్టి దీర్ఘకాలిక ఉద్యోగికి ఇవ్వవలసిన గౌరవంలో మొదటిది సమాచారం. మెత్తని మాట ఆ తర్వాతి సంగతి.

3. స్తబ్ధత ఎక్కడ ఉందో గుర్తించడం:

ఉద్యోగ జీవితంలో పై స్థాయికి వెళ్ళే అవకాశం అతి స్వల్పంగా మిగిలిన దశను స్తబ్ధత అంటూ ఫెరెన్స్, స్టోనర్, వారెన్ 1977లో ప్రకటించిన వ్యాసంలో నిర్వచించారు. వారి వాదంలో ముఖ్యమైనది ఈ నిర్వచనం కాదు, అందులో చేసిన విభజన. పై పోస్టులు లేనందువల్ల ఆగిపోవడం ఒకటి, అది సంస్థాగత స్తబ్ధత. పై పోస్టుకు కావలసిన సామర్థ్యమో ఆసక్తియో లేనందువల్ల ఆగిపోవడం మరొకటి, అది వ్యక్తిగత స్తబ్ధత. ఆగిపోయినవారంతా పనికిరానివారు కారని, వారిలో ఎక్కువమంది సంస్థను నిలబెడుతున్న నమ్మకమైన పనివారని కూడా వారు చూపారు. 1986లో జుడిత్ బార్డ్‌విక్ దీనికి మరో కోణం చేర్చారు. పోస్టు మారకపోవడం వేరు, పనిలో నేర్చుకోవడానికి ఏమీ మిగలకపోవడం వేరు. రెండవదానిని విషయ స్తబ్ధత అనవచ్చు.

తెలంగాణ ప్రభుత్వోద్యోగి విషయంలో ఈ విభజన చాలా స్పష్టంగా పనిచేస్తుంది. రాష్ట్రంలో అమలులో ఉన్న ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీము ప్రకారం పదోన్నతి లేకుండా ఒకే పోస్టులో 6 ఏళ్ళు పూర్తయితే స్పెషల్ గ్రేడ్, 12 ఏళ్ళకు స్పెషల్ ప్రమోషన్ పోస్ట్ 1-ఏ, 18 ఏళ్ళకు 1-బి, 24 ఏళ్ళకు స్పెషల్ ప్రమోషన్ పోస్ట్ 2 స్కేళ్ళు లభిస్తాయి. 2010 వేతన సవరణకు ముందు ఈ మెట్లు 8, 16, 24 ఏళ్ళకు ఉండేవి. పై పోస్టు స్కేలు పొందడానికి ఆ పోస్టుకు నిర్ణీతమైన అర్హతలు కూడా ఉండాలన్నది ఇందులోని ముఖ్య నియమం. శాఖాపరమైన పరీక్షలు వాయిదా వేస్తూ వచ్చిన ఉద్యోగులు చిక్కుకొనేది ఇక్కడే.

ఈ స్కీము జీతంలో వచ్చే స్తబ్ధతకు సమాధానం. హోదా మారదు, బల్ల మారదు, సంతకం చేసే అధికారం మారదు. పన్నెండేళ్ళ క్రితం రాసిన రిజిస్టరునే ఉద్యోగి ఇప్పటికీ రాస్తుంటాడు. అందువల్ల 'స్కేలు వచ్చింది గదా, ఇంకేమి కావాలి?' అని అధికారి అనుకోవడం, 'స్కేలు ఇచ్చి నోరు మూయించారు' అని ఉద్యోగి అనుకోవడం ఒకే పొరపాటుకు రెండు ముఖాలు. డబ్బుకు సంబంధించిన ప్రశ్నకు స్కీము జవాబిచ్చింది. పనికి సంబంధించిన ప్రశ్నకు జవాబు చెప్పవలసినది పై అధికారి.

4. సంభాషణకు ముందు - పదోన్నతి లెక్క:

ఒక ఊహాత్మక ఉదాహరణను తీసుకొందాం. గూడూరు పూర్వపు వరంగల్ జిల్లాలోని మండలం. 2016 అక్టోబరు 11 నాటి పునర్విభజనలో మహబూబాబాద్ జిల్లాలో చేరింది. అటువంటి మండల కేంద్రంలోని మండల పరిషత్ కార్యాలయంలో ఒక సీనియర్ అసిస్టెంటు ఉన్నాడనుకొందాం. వయసు 51. ఇరవై ఏడవ ఏట జూనియర్ అసిస్టెంటుగా చేరి, పన్నెండేళ్ళకు సీనియర్ అసిస్టెంటు అయ్యాడు. ఆ పోస్టులో మరో పన్నెండేళ్ళు గడిచాయి. మండల పరిషత్ అభివృద్ధి అధికారి వయసు 34. గ్రూప్-1 ద్వారా నేరుగా వచ్చిన మహిళ, ఆమెకు ఇది రెండవ పోస్టింగు.

ఆమె మొదట చేయవలసిన పని, ఈ ఉద్యోగి సూపరింటెండెంటు కాగలడా అన్నది కాగితంపై లెక్కవేయడం. ఈ లెక్క లేకుండా సంభాషణకు కూర్చుంటే రెండే జరుగుతాయి. లేని ఆశ చూపడం జరుగుతుంది, లేదా ఉన్న ఆశను తుంచివేయడం జరుగుతుంది.

లెక్కకు మూడు సంఖ్యలు చాలు. జ్యేష్ఠతా జాబితాలో అతనికి పైన ఎందరున్నారు, వారిలో తమ వంతు రాకముందే విరమణ చేసేవారెందరు, సంవత్సరానికి సగటున ఎన్ని పై పోస్టులు ఖాళీ అవుతున్నాయి. ఉదాహరణలో అతనికి పైన 40 మంది ఉన్నారని, వారిలో 14 మంది వంతు రాకముందే విరమణ చేస్తారని, ఏటా 2 ఖాళీలు వస్తున్నాయని అనుకొందాం. మిగిలిన 26 మందికి 13 ఏళ్ళు పడుతుంది. తెలంగాణలో 2021 నుండి పదవీ విరమణ వయసు 61. కనుక అతనికి మిగిలిన సర్వీసు 10 ఏళ్ళు. లెక్క ప్రకారం అతని వంతు వచ్చేసరికి అతను సర్వీసులో ఉండడు. రిజర్వేషన్ రోస్టరు వర్తించే ఉద్యోగి విషయంలో ఈ లెక్కను ఆ రోస్టరు బిందువుల ప్రకారం వేరుగా వేయాలి. లేకపోతే ఫలితం తప్పుతుంది.

ఈ లెక్కకు పరిమితి ఉంది. క్యాడరు హద్దులు మారితే జాబితాయే మారుతుంది. ఒకప్పుడు వరంగల్ జిల్లాగా ఉన్న ప్రాంతంలోని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఇప్పుడు మూడు వేర్వేరు జోన్లలో ఉన్నాయి. భూపాలపల్లి కాళేశ్వరం జోన్‌లో, మహబూబాబాద్ భద్రాద్రి జోన్‌లో, జనగామ యాదాద్రి జోన్‌లో చేరాయి. పక్కపక్క బల్లల వద్ద పనిచేసిన ఇద్దరు ఉద్యోగుల ముందున్న వరుసలు ఈ విధంగా పూర్తిగా వేరైపోవచ్చు. కాబట్టి ఏ పోస్టు ఏ క్యాడరు పరిధిలోకి వస్తుందో, తాజా జాబితా ఏ తేదీదో చూసుకొన్న తర్వాతనే లెక్కను నమ్మాలి. ఉద్యోగికి చెప్పేటపుడు కూడా దానిని అంచనాగానే చెప్పాలి.

రెండవ సన్నాహం పనికి సంబంధించినది. అధికారి ఆ ఉద్యోగి పర్సనల్ రిజిస్టరును తెప్పించి ఒక ఏడాది నమోదులు చూసిందనుకొందాం. 60 ఫైళ్ళలో 22 మూడు నెలలు దాటి నిలిచిపోయాయి. ఈ ఒక్క సంఖ్య చూసి ఆగితే 'పని మందగించింది' అన్న తీర్పు వస్తుంది. అదే రిజిస్టరును మరో విధంగా విడదీసి చూస్తే, ఆ 22లో 19 ఆన్‌లైన్‌లో పంపవలసినవి. కాగితంపై నడిచే ఫైళ్ళు, ముఖ్యంగా ఆడిట్ అభ్యంతరాలకు ఇచ్చే సమాధానాలు, దాదాపు అన్నీ గడువులోపే వెళ్ళాయి. ఇప్పుడు ప్రశ్న మారింది. శ్రద్ధ తగ్గిన ఉద్యోగి అన్ని ఫైళ్ళలోనూ వెనుకబడతాడు. ఒకే రకం ఫైళ్ళలో వెనుకబడినవాడికి ఆ రకం పని రాదు, లేదా దానికి కావలసిన వసతి లేదు.

5. సంభాషణ క్రమం:

జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో జరిగిన అధ్యయనం ఆధారంగా మేయర్, కే, ఫ్రెంచ్ 1965లో ఒక ముఖ్యమైన విషయం వెల్లడించారు. జీతం, పదోన్నతి గురించిన తీర్పును, పని మెరుగుదల గురించిన చర్చను ఒకే సమావేశంలో కలిపితే రెండవది నిష్ఫలమవుతుంది. విమర్శ పెరిగిన కొద్దీ ఉద్యోగి తనను తాను కాపాడుకోవడంలో పడతాడు, మాట చెవికెక్కదు. మన దేశంలో 1974-75లో లార్సెన్ అండ్ టూబ్రో సంస్థకు ఉదయ్ పరీక్, టి.వి. రావు సూచించిన విధానంలో కూడా పనితీరు మదింపు, సామర్థ్య మదింపు, వృత్తి సలహా అన్నవాటిని పరస్పర సంబంధం గల వేర్వేరు ప్రక్రియలుగా నిలిపారు. ఇప్పటి పనిని ఎలా చేస్తున్నాడన్నది ఒక ప్రశ్న, పై పనికి తగునా అన్నది వేరే ప్రశ్న అన్న స్పష్టత అందులో ఉంది.

దీనిని పాటిస్తే గూడూరు ఉదాహరణలో రెండు సమావేశాలు అవసరమవుతాయి. మధ్యలో వారం పది రోజుల వ్యవధి ఉండాలి.

మొదటి సమావేశం పదోన్నతి గురించి. ఇది ముందు జరగడానికి కారణం ఉంది. మనసులో ఈ ప్రశ్న పెట్టుకొని కూర్చున్న ఉద్యోగికి మరేమి చెప్పినా దాని చుట్టూనే తిరుగుతుంది. ఇందులో అధికారి జాబితాను బల్లపై పెట్టి, లెక్కను అతనితో కలిసి వేయాలి. 'మీకు ప్రమోషన్ రాదు' అన్న వాక్యాన్ని ఆమె తీర్పుగా పలకడానికీ, ఇద్దరూ కలిసి సంఖ్యలు చూసి అక్కడికి చేరడానికీ చాలా తేడా ఉంది. సంభాషణ ఇలా సాగవచ్చు.

"ఇరవై నాలుగేండ్ల సర్వీసు మేడం. నాతో చేరినోళ్ళు వేరే జిల్లాల్లో సూపరింటెండెంట్లయిన్రు."

"అయ్యారు. ఆ జిల్లాల జాబితా వేరు, మనది వేరు. మన జాబితా ఇదిగో, మీరే చూడండి. మీ పైన ఎంతమంది ఉన్నరో, ఏటా ఎన్ని పోస్టులు ఖాళీ అవుతున్నయో కలిసి లెక్కేద్దాం."

లెక్క పూర్తయిన తర్వాత కొంతసేపు మౌనం ఉంటుంది. ఆ మౌనాన్ని ఓదార్పు మాటలతో వెంటనే నింపకపోవడం మంచిది. అతను ఆ సంఖ్యను జీర్ణించుకోవాలి.

"అంటే నేను ఈ సీట్లనే రిటైరవుతానన్నట్టు."

"ఈ లెక్క అట్లనే చెప్తున్నది. క్యాడర్ మారితే లెక్క మారొచ్చు, కానీ దాని మీద ఆశ పెట్టుకొమ్మని నేను చెప్పలేను. నా చేతిలో లేనిది ఇది. నా చేతిలో ఉన్న వాటి గురించి వచ్చే వారం మాట్లాడుకుందాం."

ఇక్కడ అధికారి మూడు పనులు చేసింది. నిజం చెప్పింది, దానిని ఉద్యోగి లోపంగా చిత్రించలేదు, తన అధికారానికి ఉన్న హద్దును ఒప్పుకొన్నది. ఇదే సమావేశంలో రావలసిన మరో అంశం అడ్వాన్స్‌మెంట్ స్కీము. పన్నెండేళ్ళు పూర్తయినందున 1-ఏ స్కేలు మంజూరైనదీ లేనిదీ సర్వీసు రిజిస్టరులో చూడాలి. కాకపోతే కారణం శాఖాపరమైన పరీక్షయా, ప్రతిపాదన పంపకపోవడమా అన్నది తేల్చాలి. తర్వాతి మెట్టు ఆరేళ్ళకు, అనగా అతని 57వ ఏట వస్తుంది. రావలసినది సకాలంలో ఇప్పించడం గౌరవంలో భాగమే. పాత ఉద్యోగికి ఎన్ని పొగడ్తలు చెప్పినా, కదలని స్కేలు ప్రతిపాదన వాటన్నిటినీ అబద్ధం చేస్తుంది.

రెండవ సమావేశం పని గురించి. ఇందులో అధికారి తీర్పుతో గాక ప్రశ్నతో మొదలుపెట్టాలి. క్లూగర్, డెనీసి 1996లో ప్రకటించిన విస్తృత విశ్లేషణలో, అభిప్రాయ నివేదన జరిగిన సందర్భాల్లో మూడో వంతుకు పైగా పనితీరు మెరుగుపడకపోగా తగ్గిందని తేలింది. ఉద్యోగి దృష్టి పని నుండి తొలగి తన మీదికి, తన ప్రతిష్ఠ మీదికి మళ్ళినకొద్దీ ఫలితం క్షీణిస్తుందన్నది వారి వివరణ. 'మీరు వెనుకబడ్డారు' అన్న వాక్యం మనిషి మీదికి మళ్ళిస్తుంది. 'ఈ 19 ఫైళ్ళు ఎక్కడ ఆగుతున్నాయి?' అన్న ప్రశ్న పని మీద నిలుపుతుంది.

"ఆడిట్ జవాబుల్లో మీది ఒక్కటి కూడా వాపసు రాలేదు. ఆన్‌లైన్ ఫైళ్ళు మాత్రం ఇక్కడ ఆగినయి. ఏ దగ్గర ఇబ్బంది అవుతున్నది?"

"నా లాగిన్ చిన్నపిల్లగాడు చూస్తడు మేడం. వాడు లీవు పెడితే ఆగుతయి. నేర్పుమని అడగాలంటే నామోషీ."

ఈ ఒక్క జవాబుతో ఏడాది పాటు కనిపించని కారణం బయటపడింది. జూనియర్ అసిస్టెంటు చేత తన లాగిన్‌ను నడిపిస్తున్నాడు. ఇది ఆలస్యానికి కారణం కావడమే గాక, అతని పేరిట మరొకరు సంతకం చేసినట్లవుతుంది గనుక రేపు విచారణకు దారితీయగల ప్రమాదం కూడా. సహాయం అడగడానికి అడ్డుపడినది అతని సీనియారిటీయే. మౌన మర్యాద ఇటువంటి లోపాలను దాచి పెంచుతుంది.

6. వాస్తవికమైన దారి:

దారి చూపడమంటే కొత్త బిరుదు ఇవ్వడం కాదు. ఉద్యోగి దగ్గర ఉన్న ఏ జ్ఞానం కార్యాలయంలో మరెవరి దగ్గరా లేదో గుర్తించి, దానికి పనిలో చోటు కల్పించడం. 2018లో తెలంగాణ ప్రభుత్వం 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శుల పోస్టులకు ప్రకటన ఇచ్చింది. అదే ఏడాది వచ్చిన కొత్త పంచాయతీరాజ్ చట్టం వారి బాధ్యతలను బాగా పెంచింది. దానితో లెక్కల పుస్తకం, ఓచరు, ఆడిట్ అభ్యంతరం అన్నవాటిని ఉద్యోగంలో చేరిన తర్వాతనే తొలిసారి చూసినవారు గ్రామాల్లో కనిపిస్తారు. ఇటు మండల కార్యాలయంలో పన్నెండేళ్ళుగా ఆడిట్ సమాధానాలు రాసిన మనిషి ఉన్నాడు. ఈ రెండింటినీ కలపడమే ఉదాహరణలోని దారి.

అది పనిచేయాలంటే నాలుగు విషయాలు రాతలో ఉండాలి. మొదటిది ఉత్తర్వు. నెలలో రెండు నిర్ణీత దినాల్లో, సగం పూట చొప్పున, పంచాయతీ కార్యదర్శులకు ఆడిట్ అభ్యంతరాల పరిష్కారంలో అతను మార్గదర్శనం చేస్తాడని కార్యాలయ ఉత్తర్వు జారీ కావాలి. ఉత్తర్వు లేని బాధ్యత ఇతరుల దృష్టిలో చాకిరీగానే మిగులుతుంది. రెండవది తగ్గింపు. ఆ మేరకు అతని సీటు నుండి ఒక రకం పనిని, ఉదాహరణకు పీరియాడికల్ నివేదికలను, మరొకరికి బదిలీ చేయాలి. పాత పని అలాగే ఉంచి కొత్త పని చేర్చితే అది శిక్ష అవుతుంది. మూడవది నేర్చుకోవడం. మూడు నెలల్లో ఆన్‌లైన్ ఫైళ్ళను సొంతంగా పంపగలగాలి. నేర్పేది ఆ జూనియర్ అసిస్టెంటే కావచ్చు. కానీ అందుకు ప్రతిగా అతను ఆ యువకునికి ఆడిట్ సమాధానం రాయడం నేర్పాలి. ఇచ్చిపుచ్చుకోవడం ఉన్నచోట నామోషీ తగ్గుతుంది. లాగిన్‌ను ఇతరులకు ఇవ్వడం మాత్రం ఆ రోజుతోనే ఆగిపోవాలి. నాలుగవది కొలత. ఏడాది చివరికి మూడు నెలలు దాటిన ఫైళ్ళు 22 నుండి 8కి రావాలి, ఎంపిక చేసిన పంచాయతీల్లో పరిష్కారమైన అభ్యంతరాల సంఖ్య నమోదు కావాలి.

ఈ దారికి పరిమితులు ఉన్నాయి. దీనివల్ల జీతం పెరగదు, జాబితాలో స్థానం మారదు. ఆ సంగతిని అధికారి ముందే చెప్పాలి. ఇది చేస్తే పై అధికారుల దృష్టిలో పడతారన్న మాట అనకూడదు, ఎందుకంటే అది ఆమె నెరవేర్చగల వాగ్దానం కాదు. ఉద్యోగి ఈ దారిని వద్దనవచ్చు కూడా. ఇంటి పరిస్థితుల వల్ల ఉన్న పనిని బాగా చేసి వెళ్ళిపోవడమే చాలనుకొనే హక్కు అతనికి ఉంది. అప్పుడు రాతలో మిగిలేది ఆన్‌లైన్ ఫైళ్ళ లక్ష్యం ఒక్కటే. నియమోల్లంఘన, నిధుల దుర్వినియోగం వంటివి బయటపడిన సందర్భంలో ఈ సంభాషణ పనికిరాదు. దానికి క్రమశిక్షణా ప్రక్రియ వేరుగా ఉంది, రెండింటినీ కలపకూడదు.

7. సంభాషణ విఫలమైనట్లు తెలిపే గుర్తులు:

అన్నిటికంటె మోసపుచ్చే గుర్తు వెంటనే వచ్చే అంగీకారం. 'సరే మేడం, మీరెట్లంటే అట్లనే' అన్న మాట విన్నపుడు సంభాషణ సఫలమైందని అధికారి అనుకొంటుంది. నిజానికి చాలాసార్లు ఉద్యోగి తలుపు మూసుకొన్నాడని దాని అర్థం. ఒక ప్రశ్నయో, ఒక అభ్యంతరమో, ఒక సవరణయో రాని ఒప్పందం అతని ఒప్పందం కాదు. అప్పుడు తేదీలు ఖరారు చేయకుండా, 'ఇందులో మీకు కుదరనిది ఏది?' అని అడిగి వారం గడువు ఇవ్వడం మేలు.

రెండవ గుర్తు మాటకూ రాతకూ పొంతన లేకపోవడం. సమావేశంలో లోపాల గురించి చర్చించి నివేదికలో అంతా బాగున్నట్లు రాసినా, సమావేశంలో మెచ్చుకొని నివేదికలో తక్కువ స్థాయి ఇచ్చినా దేవ్‌దత్ పరిస్థితే పునరావృతమవుతుంది. చర్చలో రాని మాట నివేదికలో ఉండకూడదు. నివేదికలో ఉండబోయే మాట చర్చలో తప్పక రావాలి. ఈ నియమం పాటించబడిందో లేదో తెలుసుకోవడానికి సులభమైన మార్గం, సంభాషణ సారాంశాన్ని అరపేజీలో రాసి ఉద్యోగికి ఒక ప్రతి ఇచ్చి, అతని సంతకం తీసుకోవడం.

మూడవ గుర్తు మూడు నెలల తర్వాత కనిపిస్తుంది. ఉత్తర్వు జారీ అయినదా, పీరియాడికల్ నివేదికలు నిజంగా బదిలీ అయినవా అని చూస్తే చాలు. ఉద్యోగి చేయవలసినవి జరగకపోవడాని కంటె అధికారి చేయవలసినవి జరగకపోవడమే తరచుగా కనిపించే లోపం. అధికారుల బదిలీలు దీనికి తోడవుతాయి. కొత్తగా వచ్చినవారికి పాత ఒప్పందం తెలియదు, ఉద్యోగి మళ్ళీ మొదటికి వస్తాడు. అందుకే ఆ అరపేజీ సారాంశం కార్యాలయ ఫైలులో ఉండి, బాధ్యతల అప్పగింత సమయంలో కొత్త అధికారికి చేరాలి.

8. ముగింపు:

గూడూరు ఉదాహరణలో ఆ సీనియర్ అసిస్టెంటు సూపరింటెండెంటు కాడు. సంభాషణ ఆ వాస్తవాన్ని మార్చలేదు. కానీ మిగిలిన పదేళ్ళు ఎలా గడుస్తాయన్నది ఆ గదిలో కొంతవరకు తేలుతుంది. తన ముందున్న వరుస ఎంత పొడవో అతనికి తెలుసు, రావలసిన స్కేలు ఏ ఏడాది వస్తుందో తెలుసు, తన లాగిన్ తన చేతిలో ఉంది, తనకు తెలిసినది నేర్చుకోవడానికి నెలకు రెండుసార్లు కార్యదర్శులు వస్తారు. దేవ్‌దత్‌కు 1994లో ఎవరూ చెప్పని మాటను చెప్పించడానికి సుప్రీంకోర్టు వరకు వెళ్ళవలసి వచ్చింది. మండల కార్యాలయంలో అదే మాట చెప్పడానికి కావలసినవి ఒక జ్యేష్ఠతా జాబితా, ఒక పర్సనల్ రిజిస్టరు, వారం వ్యవధిలో రెండు గంటల సమయం. వీటిని వెచ్చించకుండా రాసే 'బాగుంది' అన్న మాటలో ఉద్యోగి పట్ల గౌరవం ఏమాత్రం లేదని ఈ పరిశీలన తేల్చుతున్నది.